పొదుపు సంఘం లెక్క: నెలవారీ జమ నుంచి లాభం వాటా దాకా

స్వయం సహాయక సంఘంలో సభ్యులు నెలనెలా దాచుకున్న డబ్బు ఒకచోట చేరుతుంది. వాళ్లలోనే అవసరం ఉన్నవారికి అప్పుగా వెళ్లి, వడ్డీతో తిరిగొస్తుంది. ఏడాది చివర ఆ వడ్డీయే అందరికీ లాభంగా మిగులుతుంది. ఎవరు ఎంత దాచారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, ఇంకెంత ఉంది అన్నది ఒక్కో సభ్యురాలి పేరున చూపేది పొదుపు–అప్పుల లెడ్జర్. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటినుంచి సంఘానికి అప్పు మంజూరు చేసే ముందు బ్యాంకులు చూసేవాటిలో ఈ పుస్తకమూ చేరింది. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో ఐదోది పుస్తకాల నిర్వహణే. మిగతా నాలుగూ, అంటే సమావేశం, పొదుపు, అప్పులు, తిరిగి చెల్లింపు, సరిగ్గా నడుస్తున్నాయో లేదో తెలిసేది ఈ ఐదోదాని వల్లే.

రాత ఏ వరసలో సాగాలి

సంఘానికి ముఖ్యంగా నాలుగు రకాల పుస్తకాలు ఉంటాయి. సమావేశంలో ఏం నిర్ణయించారో తీర్మానాల పుస్తకం చెబుతుంది. ఆ రోజు చేతికొచ్చిన డబ్బు, బయటికి వెళ్లిన డబ్బు నగదు పుస్తకంలోకి ఎక్కుతాయి. అక్కడినుంచి ఒక్కో పద్దు సంబంధిత సభ్యురాలి లెడ్జర్ పేజీలోకి వెళ్తుంది. చివరగా అదే అంకె ఆమె దగ్గరుండే పాసుపుస్తకంలో పడుతుంది. రాత ఎప్పుడూ ఈ వరసలోనే, సమావేశం ముగిసేలోగా, అందరి ముందూ జరగాలి. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి తర్వాత రాస్తే నగదు పుస్తకంలో ఉన్నది లెడ్జర్‌లో తప్పిపోతుంది. లెడ్జర్‌లో ఉన్నది పాసుపుస్తకంలోకి రాదు.

లెడ్జర్ పేజీలో రెండు భాగాలు ఉంటాయి. పొదుపు భాగంలో తేదీ, ఈ నెల జమ, మొత్తం జమ. అప్పు భాగంలో ఇచ్చిన అప్పు, కట్టిన అసలు, కట్టిన వడ్డీ, మిగిలిన అసలు. కట్టిన మొత్తాన్ని ఒకే అంకెగా రాయకుండా అసలు వేరు, వడ్డీ వేరు చేసి రాయడం ఈ పుస్తకానికి ప్రాణం. ఎందుకంటే ఆ రెంటి స్వభావం వేరు. అసలు తిరిగొస్తే సంఘం డబ్బు సంఘానికి చేరినట్టే, అందులో ఆదాయం లేదు. వడ్డీ మాత్రమే ఆదాయం. అలాగే సభ్యుల పొదుపు సంఘానికి ఆదాయం కాదు, ఎప్పటికైనా వాళ్లకు తిరిగివ్వాల్సిన బాకీ. అప్పుగా ఇచ్చినది ఖర్చు కాదు, సంఘానికి రావాల్సిన సొమ్ము. ఈ తేడా తెలియక పొదుపును కూడా రాబడిలో కలిపేసుకుని, లేని లాభాన్ని పంచుకున్న సంఘానికి ఆ తర్వాత పొదుపు తిరిగివ్వడానికి డబ్బు చాలదు.

ఒక అప్పు, ఒక పేజీ

ఉదాహరణకు ఏప్రిల్‌లో మొదలైన ఒక సంఘాన్ని తీసుకుందాం. తొమ్మిదిమంది సభ్యులు, నెలకు తలా 200 రూపాయల పొదుపు. అప్పుల మీద రూపాయి వడ్డీ, అంటే నెలకు నూటికి ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. జులై సమావేశంలో ఒక సభ్యురాలు పిల్లల చదువుకు 5,000 రూపాయలు తీసుకుంది. నెలకు 1,000 చొప్పున ఐదు వాయిదాల్లో అసలు కట్టాలని, వడ్డీ మిగిలిన అసలు మీదే వేయాలని తీర్మానం. అక్టోబరులో ఆమెకు కూలి పనులు దొరక్క 500 రూపాయలే తెచ్చింది. ఆమె పేజీ ఇలా నడుస్తుంది.

| నెల | కట్టినది | వడ్డీ | అసలు | మిగిలిన అసలు |
|---|---|---|---|---|
| ఆగస్టు | 1,050 | 50 | 1,000 | 4,000 |
| సెప్టెంబరు | 1,040 | 40 | 1,000 | 3,000 |
| అక్టోబరు | 500 | 30 | 470 | 2,530 |
| నవంబరు | 1,025 | 25 | 1,000 | 1,530 |
| డిసెంబరు | 1,545 | 15 | 1,530 | 0 |

అక్టోబరు వరస చూడాలి. తక్కువ డబ్బు వచ్చినప్పుడు ముందు వడ్డీకి, తర్వాత అసలుకు జమ చేస్తారు. ఆ నెల 30 రూపాయలు వడ్డీకి పోగా 470 అసలులో తగ్గింది. వాయిదా ప్రకారం తగ్గాల్సింది 1,000 కాబట్టి 530 రూపాయల బకాయి పడింది. నవంబరులో 2,530 మీద వడ్డీ 25 రూపాయల 30 పైసలు. పైసలు వదిలేయాలా, పై రూపాయికి సర్దాలా అన్నది సంఘం మొదట్లోనే ఒక పద్ధతిగా పెట్టుకుని అందరికీ అదే పాటించాలి. ఇక్కడ పైసలు వదిలేశారు. డిసెంబరుకల్లా బకాయితో సహా అప్పు తీరింది. మొత్తం కట్టిన వడ్డీ 160 రూపాయలు.

కొన్ని సంఘాల్లో అప్పు ఇచ్చిన రోజున్న అసలు మీదే చివరిదాకా వడ్డీ లెక్కేస్తారు. ఆ పద్ధతిలో నెలకు 50 చొప్పున ఐదు నెలలకు 250 రూపాయలు అయ్యేది. పేరుకు రూపాయి వడ్డీయే అయినా, తీర్చేసిన అసలు మీద కూడా వడ్డీ కట్టినట్టవుతుంది. ఏ పద్ధతి పాటిస్తున్నారో తెలుసుకోవడం కష్టం కాదు. ప్రతి నెలా వడ్డీ గడిలో ఒకే అంకె ఉండి, మిగిలిన అసలు మాత్రం తగ్గుతూ పోతుంటే వడ్డీ మొదటి అసలు మీదే పడుతున్నట్టు.

సంఘం బ్యాంకు నుంచి అప్పు తెచ్చి సభ్యులకు పంచినప్పుడు దానికి లెడ్జర్‌లో వేరే పేజీలు కేటాయించాలి. సభ్యులు కట్టే వడ్డీ రాబడి, సంఘం బ్యాంకుకు కట్టే వడ్డీ ఖర్చు. లాభంలోకి వచ్చేది ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. రెండు రకాల అప్పులూ ఒకే పేజీలో కలిసిపోతే సొంత పొదుపు మీద సంఘం ఎంత సంపాదించిందో తేల్చలేరు.

ఏడాది లాభం ఎంత

మార్చి నెలాఖరుకు లెక్క తేల్చాలి. ఉదాహరణలోని సంఘానికి అక్టోబరులో పదో సభ్యురాలు చేరింది. ఆమె ఆరు నెలల్లో 1,200 దాచింది. మిగతా తొమ్మిదిమందీ తలా 2,400 దాచారు. మొత్తం పొదుపు 22,800 రూపాయలు. ఏడాదిలో అప్పుల మీద వసూలైన వడ్డీ 860, బ్యాంకు ఖాతాలో పడిన వడ్డీ 43, ఆలస్యానికి వసూలు చేసిన జరిమానాలు 50. మొత్తం రాబడి 953. పుస్తకాలకు 150, బ్యాంకుకు వెళ్లిరావడానికి 80, మొత్తం ఖర్చు 230. నికర లాభం 723 రూపాయలు.

ఇందులో చేతికొచ్చిన వడ్డీనే లెక్కలోకి తీసుకున్నారు. ఎవరైనా కట్టాల్సి ఉండి కట్టని వడ్డీ బకాయిగా రాసి ఉంచాలే గాని లాభంలో కలపకూడదు. రాని డబ్బును పంచాలంటే ఎవరో ఒకరి పొదుపులోంచి తీసి పంచాల్సి వస్తుంది. చాలా నెలలుగా కదలని అప్పు ఉంటే, అది వసూలు కాకపోయినా తట్టుకునేలా లాభంలో కొంత పక్కన పెట్టి, మిగతాదే పంచడం మంచి పద్ధతి.

లాభం తేలాక పంచేముందు ఒక సరిచూపు తప్పనిసరి. సంఘం బాకీపడిన మొత్తం, అంటే పొదుపు 22,800, లాభం 723, కలిపితే 23,523. ఈ డబ్బు ఎక్కడో ఒకచోట కనబడాలి. సభ్యుల దగ్గరున్న అప్పులు 19,500, బ్యాంకు ఖాతాలో 3,800, చేతిలో నిల్వ 223. కలిపితే అదే 23,523. రెండు వైపులా సరిపోతేనే ముందుకు వెళ్లాలి. సరిపోకపోతే తేడా అంకెనే ఆనవాలుగా తీసుకుని వెతకాలి. తేడా తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు. 450కి బదులు 540 రాస్తే తేడా 90. తేడాలో సగం అంకె ఏదైనా పద్దుతో సరిపోతే, జమలో రాయాల్సింది ఖర్చులో రాశారేమో చూడాలి.

వాటా ఎలా పంచాలి

723 రూపాయలను పదిమందికి సమానంగా పంచితే తలా 72 రూపాయల 30 పైసలు. లెక్క తేలికే కాని న్యాయం కాదు. ఏప్రిల్‌లో దాచిన 200 రూపాయలు పన్నెండు నెలలు సంఘంలో తిరిగి వడ్డీ తెచ్చాయి. మార్చిలో దాచిన 200 ఒక్క నెలే ఉన్నాయి. పొదుపు మొత్తాన్ని బట్టి పంచినా ఈ తేడా లెక్కలోకి రాదు. అందుకే ఎంత దాచారన్నదాన్ని ఎన్ని నెలలు ఉందన్నదానితో గుణించి పంచాలి.

ఏడాదంతా దాచిన సభ్యురాలికి మొదటి 200ను 12తో, రెండోదాన్ని 11తో, అలా చివరిదాన్ని 1తో గుణించాలి. 12 నుంచి 1 దాకా కూడితే 78. దాన్ని 200తో గుణిస్తే 15,600. అక్టోబరులో చేరిన సభ్యురాలికి 6 నుంచి 1 దాకా కూడితే 21, గుణిస్తే 4,200. తొమ్మిదిమందివి 1,40,400, పదో ఆమెవి 4,200, మొత్తం 1,44,600. లాభం 723ను దీనితో భాగిస్తే ప్రతి 200కూ ఒక రూపాయి వస్తుంది. కాబట్టి తొమ్మిదిమందికి తలా 78, పదో ఆమెకు 21. కలిపితే 723 సరిపోయింది. ఒక నెల పొదుపు ఆలస్యంగా కట్టినవారికి ఆ జమను కట్టిన నెలనుంచే లెక్కిస్తే చాలు, వాటా దానంతటదే సర్దుకుంటుంది.

వాటాను చేతికివ్వొచ్చు, లేదా పొదుపులో జమ చేయొచ్చు. ఏదైనా తీర్మానం రాసి, సభ్యులందరి సంతకాలు తీసుకుని, పాసుపుస్తకంలో ఎక్కించాలి. జమ చేస్తే తర్వాతి ఏడాది లెక్కలో ఆ డబ్బు కూడా పన్నెండు నెలల పొదుపుగా కలుస్తుంది.

పుస్తకం తప్పుతోందని తెలిసేది ఎలా

అన్నిటికంటే గట్టి పరీక్ష పాసుపుస్తకాలే. పదీ తెచ్చి ఒకచోట పెట్టి, వాటిలోని పొదుపులు కూడితే లెడ్జర్ మొత్తం రావాలి. అప్పులు కూడినా అంతే. పాసుపుస్తకాలన్నీ ఒకరి ఇంట్లోనే ఉంటే ఈ పరీక్షకు విలువ లేదు. బ్యాంకు పాసుపుస్తకాన్ని నగదు పుస్తకంతో పోల్చాలి. బ్యాంకునుంచి తీసిన ప్రతి మొత్తానికీ అదే తేదీకి తీర్మానం కనబడాలి. చేతి నిల్వ నెలనెలా పెరుగుతూ ఉంటే ఆ డబ్బు నిజంగా పెట్టెలో ఉందో లేదో అందరి ముందూ లెక్కపెట్టాలి. ఏడాది రాత అంతా ఒకే సిరాతో, ఒకే తీరులో కొట్టివేతలు లేకుండా కనబడితే అది చివర్లో ఒక్కసారే రాసిందేమోనని అడగాలి. తప్పు పడితే గీత కొట్టి పక్కన సరైన అంకె రాసి సంతకం పెట్టాలే తప్ప, తెల్లరంగు పూయకూడదు, కాగితం చించకూడదు. ఇప్పుడు చాలాచోట్ల లెక్కలు మొబైల్ యాప్‌లోనూ ఎక్కిస్తున్నారు. కూడికలు అది చేసిపెడుతుంది గాని, తప్పు పద్దును ఎక్కిస్తే తప్పు మొత్తమే వస్తుంది. సభ్యురాలి చేతిలోని పాసుపుస్తకంతో పోల్చే పని అప్పుడూ ఉంటుంది.

మధ్యలో ఎవరైనా మానుకుంటే ఇదే పుస్తకం నుంచి లెక్క తేలుతుంది. ఆమె పొదుపు, అప్పటిదాకా ఆమెకు రావాల్సిన లాభం వాటా కలిపి, అందులోంచి మిగిలిన అప్పు, వడ్డీ తీసేసి మిగతాది ఇచ్చి పేజీ ముగించాలి. మిగతావారి పొదుపు నిల్వ, అప్పు నిల్వ ఏప్రిల్ మొదటి వరసలో ఆరంభ నిల్వగా ఎక్కి కొత్త ఏడాది లెక్క మొదలవుతుంది.