మెడకు పైనా? కిందా?

తెల్లవారుజామున ఐదింటికి అలారం మోగింది. ఆయన లేచి కూర్చున్నాడు. ముక్కు కారుతోంది, వరుసగా నాలుగు తుమ్ములు. ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ ఉంది. ఇంకా ఐదు వారాలే! బూట్ల కోసం వెతుకుతుంటే, 'ఈ జలుబుతో ఎక్కడికండీ?' అంటూ ఇల్లాలు అడ్డుపడింది. ఇంతకీ ఇద్దరిలో ఎవరిది రైటు?

పరుగెత్తేవాళ్లు ఇలాంటప్పుడు 'నెక్ చెక్' అనే చిన్న లెక్క వేసుకుంటారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలోని ఓక్లహామాకు చెందిన క్రీడావైద్యుడు ర్యాండీ ఐక్నర్. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర... బాధ మెడకు పైనే ఉంటే నెమ్మదిగా బయల్దేరవచ్చు. ఛాతీలోంచి దగ్గు, ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు ఉంటే బూట్లు మళ్లీ అల్మారాలోకే. జ్వరం ఉంటే ఇక పైనా కిందా అన్న చర్చే లేదు. విశ్రాంతి తీసుకోవాల్సిందే.

పైన ఉంటే బయల్దేరవచ్చు అన్నది ఉత్త ధీమా కాదు. 1990లలో అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు వలంటీర్లకు జలుబు వైరస్‌ను ముక్కులో వేసి మరీ అంటించారు. వాళ్లలో కొందరితో రోజు విడిచి రోజు 40 నిమిషాల పాటు మధ్యస్థంగా వ్యాయామం చేయించారు. మిగతావాళ్లు ఊరికే ఉన్నారు. చివరికి చూస్తే ఇద్దరికీ జలుబు ఒకేలా వచ్చింది, ఒకేలా తగ్గింది. అంటే వ్యాయామం వల్ల జలుబు ముదరలేదు. అలాగని తొందరగా వదల్లేదు కూడా! 'చెమట పట్టిస్తే జలుబు దిగిపోతుంది' అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

మన కథానాయకుడి విషయానికొద్దాం. థర్మామీటర్ పెట్టుకుంటే 98.2 వచ్చింది. పడుకుని ఉండగా చూసుకుంటే నాడి ఎప్పటిలాగే నిమిషానికి 60. ఛాతీ తేలిగ్గానే ఉంది. కాబట్టి వెళ్లొచ్చు. కాకపోతే మొదటి పది నిమిషాలు సగం వేగంతోనే. అదే అసలు పరీక్ష. ఒళ్లు తేలికపడితే ఇంకాస్త దూరం సాగవచ్చు. అడుగేసినప్పుడల్లా తల దిమ్మెత్తుతుంటే వెనక్కి నడిచి వచ్చేయాలి. ఆయనకు తేలికపడింది. అయినా ఎనిమిది కిలోమీటర్లకు బదులు నాలుగుతో సరిపెట్టాడు.

మూడోరోజు పరిస్థితి మారింది. దగ్గు ఛాతీలోకి దిగింది. కాళ్లు లాగుతున్నాయి. నాడి 74కు చేరింది. జ్వరం 100.6. అప్పుడాయన చేసిన పని చాలామంది చేసేదే. జలుబు మాత్ర ఒకటి వేసుకున్నాడు. గంటలో ఒళ్లు చల్లబడింది. సాయంత్రం వెళ్లొచ్చనుకున్నాడు. పొరపాటంతా ఇక్కడే ఉంది. మన మందుల షాపుల్లో దొరికే జలుబు మాత్రలు చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. అట్ట వెనక చదివితే తెలుస్తుంది. అది థర్మామీటర్‌లో అంకెను దించుతుందే గానీ వైరస్‌ను కాదు. అందుకే జ్వరాన్ని మాత్ర వేసుకోకముందే చూసుకోవాలి.

జ్వరంతో పరుగంటే డాక్టర్లు ఎందుకంత భయపడతారు? జ్వరం వల్ల గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటోంది, ఒంట్లో నీరు తగ్గుతోంది. దానికి పరుగు భారం తోడవుతుంది. అంతకన్నా పెద్ద భయం మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు. కొన్ని వైరస్‌లు అక్కడిదాకా వెళతాయి. ఆ సమయంలో గట్టిగా శ్రమిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అరుదే, కానీ స్వీడన్ దాన్ని చూసింది. మ్యాప్ పట్టుకుని అడవుల్లో దారి వెతుక్కుంటూ పరుగెత్తే ఓరియెంటీరింగ్ అక్కడ పేరున్న ఆట. 1979 నుంచి 1992 దాకా ఆ ఆటలోని 16 మంది యువ క్రీడాకారులు హఠాత్తుగా చనిపోయారు. వాళ్లలో పలువురి గుండె కండరంలో వాపు కనిపించింది. జ్వరం తగ్గాక కూడా ఛాతీనొప్పి, గుండెదడ, మామూలు నడకకే ఆయాసం ఉంటే పరుగు మాట మరచి డాక్టర్ని కలవాల్సిందే.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఈ లెక్క పుట్టింది జలుబు కోసం. వానాకాలంలో వచ్చే డెంగీ కూడా తలనొప్పి, కళ్ల వెనక నొప్పితో మొదలవుతుంది. అవి మెడకు పైనే కదా! పైగా డెంగీలో జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లోనే అసలు గండం మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం అప్పుడే కనిపించవచ్చు. అందుకే తీవ్రమైన తలనొప్పితో జ్వరం వస్తే మెడ లెక్క పక్కనపెట్టి రక్తపరీక్షకు వెళ్లడం మంచిది.

ఆయనది మామూలు ఫ్లూనే. ఇల్లాలు బూట్లు దాచేసింది. ఆరోరోజుకు మాత్ర లేకుండానే జ్వరం పోయింది. ఒకరోజంతా ఆగి చూశాడు, మళ్లీ రాలేదు. ఎనిమిదోరోజున అరగంట నడిచాడు. నాడి తిరిగి 60కి వచ్చాక, దగ్గు పోయాక పదోరోజున మూడు కిలోమీటర్లు, అదీ కబుర్లు చెప్పుకునేంత నెమ్మదిగా. పోయిన వారం పరుగును ఈ వారంలో కలిపి పూడ్చే ప్రయత్నం చేయలేదు. రేసుకు అప్పటికింకా మూడున్నర వారాలుంది.