ఏ భూమి? ఏ సొమ్ము? దస్తావేజుల్లో ‘సదరు’ సంగతి

పొలమో ఇంటి స్థలమో కొన్నవారందరికీ ‘సదరు’ పరిచయమే. సదరు ఆస్తి, సదరు వ్యక్తి, సదరు సొమ్ము అంటూ పేజీ నిండా కనిపిస్తుంది. పర్షియన్ కచేరీ భాష నుంచి వచ్చి మన దస్తావేజుల్లో స్థిరపడిపోయిన మాట ఇది. ఇంగ్లీషు దస్తావేజుల్లో ఇదే పని ‘సెడ్’ అనే మాట చేస్తుంది. అక్కడ పాత రోజుల్లో దస్తావేజు రాసినందుకు ప్రతిఫలం దాని పొడవును బట్టి ఉండేది కాబట్టి మాటలు తగ్గించాలన్న తొందర ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ లెక్క లేదు. అయినా పాత ఫైలు తెరిచి పేర్లు, తేదీలు మార్చి కొత్త దస్తావేజు తయారుచేసే అలవాటు వల్ల ‘సదరు’ ఇంకా మనతోనే ఉంది.

రాసేవారి నమ్మకం ఏమిటంటే, ఈ మాట పెడితే ఏ వస్తువు గురించి చెబుతున్నామో ఖాయమైపోతుందని. నిజానికి ‘సదరు’ చెప్పేది ఒక్కటే: ఈ సంగతి పైన ఎక్కడో వచ్చింది అని. పైన అలాంటివి రెండు ఉంటే వాటిలో ఏదో అది చెప్పదు. ఇంగ్లీషులో ఈ తరహా మాటలు స్పష్టత ఉందన్న భ్రమనే ఇస్తాయని డేవిడ్ మెలింకాఫ్ 1963లో న్యాయభాష మీద రాసిన పుస్తకంలో వాదించారు. తెలుగుకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

ఒక నమూనా చూద్దాం. పాత ఫక్కీలో నేను అల్లిన అమ్మకపు ఒప్పందం ఇది:

“రామయ్యకు పిత్రార్జితముగా సంక్రమించిన సర్వే నం. 112/2 లోని 2 ఎకరముల భూమిలో ఉత్తరపు వైపు 50 సెంట్ల భూమిని సీతమ్మకు 12 లక్షల రూపాయలకు విక్రయించుటకు ఒప్పుకొని, సదరు సొమ్ములో 2 లక్షలు బయానాగా పుచ్చుకొనడమైనది. సదరు భూమిపై సదరు రామయ్యకు తప్ప ఇతరులకు ఎట్టి హక్కు లేదు. సదరు సొమ్ము మూడు నెలలలోగా చెల్లించిన పిదప సదరు భూమిని సదరు సీతమ్మ పేర రిజిస్టరు చేయించవలెను. సదరు గడువులోగా చెల్లించనిచో సదరు సొమ్ము తిరిగి ఇవ్వబడదు. సదరు భూమికి సదరు భూమి పడమటి అంచున దారి ఉండును.”

మొత్తం పది ‘సదరు’లు. కంప్యూటర్లో వెతికి అన్నిటినీ ఒకేసారి చెరిపేయడం సులభమే. కానీ పేరా అంతకు ముందు ఎంత అయోమయంగా ఉందో తరువాతా అంతే అయోమయంగా ఉంటుంది. అందుకని ఒక్కొక్క దాని దగ్గర ఆగి, ఈ పేరుతో పైన ఎన్ని వచ్చాయో చూడాలి.

రామయ్య ఒక్కరే, సీతమ్మ ఒక్కరే. గడువూ ఒక్కటే. మొదటిసారి ‘సదరు సొమ్ము’ వచ్చేసరికి పైన ఉన్న సొమ్ము 12 లక్షలు మాత్రమే. ఈ నాలుగు చోట్లా ‘సదరు’ తీసేస్తే అర్థం వెంట్రుకవాసి కూడా మారదు. ‘అందులో 2 లక్షలు’, ‘గడువులోగా’ అంటే చాలు. తెలుగులో ఇలాంటి చోట ‘ఈ’, ‘ఆ’, ‘అందులో’ అనే చిన్న మాటలు సరిపోతాయి, అదీ చెప్పిన వస్తువు అదే వాక్యంలోనో, ముందు వాక్యంలోనో ఉన్నప్పుడే. నాలుగు పేరాల దూరం నుంచి ‘ఆ భూమి’ అన్నా, ‘పైన తెలిపిన భూమి’ అన్నా మళ్ళీ ‘సదరు’ చేసిన తప్పే చేసినట్టు.

మిగిలిన ఆరు చోట్లే అసలు కష్టం. రెండో ‘సదరు సొమ్ము’ 12 లక్షలా, బయానా పోగా మిగిలిన 10 లక్షలా? మూడోది ఇంకా ప్రమాదం. మూడు నెలల మధ్యలో సీతమ్మ మరో 4 లక్షలు ఇచ్చి ఆగిపోయారనుకోండి. ఆమె పోగొట్టుకునేది 2 లక్షలా, 6 లక్షలా? హక్కుల వాక్యంలో ‘సదరు భూమి’ 2 ఎకరాలైతే రామయ్య ఒక మాట ఇచ్చినట్టు, 50 సెంట్లే అయితే అంతకంటే చిన్న మాట ఇచ్చినట్టు. పిత్రార్జితంలో అన్నదమ్ముల వాటా ఏదైనా బయటపడితే ఈ తేడా మీదే తగవు నడుస్తుంది. ఇక చివరి వాక్యంలో ‘సదరు భూమికి సదరు భూమి అంచున దారి’. దారి వెళ్ళాల్సింది రామయ్య దగ్గరే మిగిలే ఎకరం 50 సెంట్ల మీదుగా. ఆ ముక్కకు ఈ కాగితంలో పేరే లేదు.

మందు పేరు పెట్టడమే. మొదట వచ్చిన చోటే ఒక్కొక్క దానికి ఒక పేరు ఇచ్చి, చివరిదాకా అదే పేరు వాడాలి:

“సర్వే నం. 112/2 లో రామయ్యకు పిత్రార్జితంగా వచ్చిన 2 ఎకరాలు ‘మొత్తం భూమి’. అందులో ఉత్తరపు వైపు 50 సెంట్లు ‘అమ్మకపు భూమి’, తక్కిన ఎకరం 50 సెంట్లు ‘మిగులు భూమి’. కొలతలు, హద్దులు షెడ్యూలులో ఉన్నాయి. అమ్మకపు భూమి ధర 12 లక్షల రూపాయలు. అందులో 2 లక్షలు రామయ్య నేడు బయానాగా పుచ్చుకున్నారు. బాకీ 10 లక్షలు సీతమ్మ మూడు నెలల్లోగా చెల్లించాలి. చెల్లించాక రామయ్య అమ్మకపు భూమిని ఆమె పేర రిజిస్టరు చేయించాలి. గడువులోగా బాకీ మొత్తం చెల్లించకపోతే బయానా 2 లక్షలు తిరిగి రావు. అమ్మకపు భూమికి దారి మిగులు భూమి పడమటి అంచున ఉంటుంది.”

హక్కుల వాక్యాన్ని నేను కావాలనే వదిలేశాను. అది మొత్తం భూమికి చెందుతుందా, అమ్మకపు భూమికా అన్నది రాసేవారు తేల్చగలిగేది కాదు, రామయ్యనీ సీతమ్మనీ అడగాలి. మధ్యలో ఇచ్చిన సొమ్ము సంగతీ, దారి వెడల్పూ అంతే. ‘సదరు’ తీస్తున్నప్పుడు ఇలాంటి ఖాళీలు బయటపడతాయి. లేఖరి తనకు తోచింది పెట్టి పూడ్చకూడదు. పేరు పెట్టాక దాని ముందు మళ్ళీ ‘సదరు అమ్మకపు భూమి’ అని తగిలించడమూ వద్దు, పేరు ఆ పని ఇప్పటికే చేసింది. ఒకచోట ‘అమ్మకపు భూమి’ అని, ఇంకోచోట ‘కొనుగోలు స్థలం’ అని మార్చి రాస్తే అవి రెండూ వేరువేరు అనుకునే వీలు కలుగుతుంది.

మాట తేలకుండా సంతకం పెడితే ఏమవుతుందో 1872 నాటి సాక్ష్య చట్టం ఉదాహరణలతోనే చెప్పింది. గుర్రాన్ని వెయ్యికో పదిహేను వందలకో అమ్ముతానని రాస్తే, అసలు అనుకున్న ధర ఏదో చెప్పడానికి సాక్ష్యం తేవడానికి వీల్లేదని 93వ సెక్షన్ ఉదాహరణ. ‘నా తెల్ల గుర్రం’ అని రాసి, తీరా చూస్తే తెల్ల గుర్రాలు రెండు ఉంటే, ఏదో తేల్చడానికి సాక్ష్యం తేవచ్చని 96వ సెక్షన్ ఉదాహరణ. తేవచ్చు అంటే సాక్షులతో కోర్టు మెట్లెక్కాలనే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ సూత్రాలు ఉన్నాయి.

ఒక చోట మాత్రం ‘సదరు’ను ముట్టుకోకూడదు. పాత రిజిస్టరు దస్తావేజులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసేటప్పుడు అక్షరం కూడా మార్చవద్దు. అందులో అయోమయం ఉంటే, అది ఏ భూమిని సూచిస్తుందో కొటేషన్ బయట విడిగా రాయాలి. రిజిస్టరైన మీ సొంత దస్తావేజులో తప్పు కనబడితే దాని మీద కలం పెట్టకండి. ఇరు పక్షాలూ కలిసి సవరణ దస్తావేజు రాయించుకోవాలి.

సంతకానికి ముందు మీ చిత్తు ప్రతి ఇంటికి తెచ్చుకోండి. ‘సదరు’ ఉన్న ప్రతి చోటా గీత గీసి, ఏ భూమి, ఏ సొమ్ము, ఎవరు అని లేఖరిని అడగండి. ఆయన నోటితో చెప్పిన జవాబునే ఆ చోట కాగితం మీద రాయించుకోండి.