నలభై సార్లు నిజమై, ఆపై తప్పిన మాట

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు నిరూపణలు రాయడం నేర్పే పుస్తకానికి మొదటి పాఠంగా n² + n + 41 సరిగ్గా సరిపోతుంది. 18వ శతాబ్దపు స్విస్ గణితవేత్త ఆయిలర్ పేరుతో ముడిపడిన సూత్రం ఇది. n స్థానంలో 0, 1, 2, 3 వేస్తే 41, 43, 47, 53 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా వేసి చూసినా ప్రధాన సంఖ్యలే వస్తాయి.

దీని గురించి రెండు మాటలు చెప్పవచ్చు. n ఏ సహజ సంఖ్య అయినా, సున్నా అయినా ఈ విలువ ఎప్పుడూ బేసి సంఖ్యే అనేది ఒకటి. ఎప్పుడూ ప్రధాన సంఖ్యే అనేది రెండోది.

మొదటిదానికి ప్రత్యక్ష నిరూపణ ఉంది. బేసి సంఖ్య అంటే 2m + 1 రూపంలో రాయగలిగేది, ఇక్కడ m పూర్ణసంఖ్య. పని అంతా ఈ నిర్వచనంతోనే మొదలవుతుంది. n సరి సంఖ్య అయితే n = 2k అనుకుందాం. అప్పుడు విలువ 4k² + 2k + 41, అంటే 2(2k² + k + 20) + 1. n బేసి అయితే n = 2k + 1. n² + n ని n(n + 1)గా రాస్తే విలువ (2k + 1)(2k + 2) + 41 అవుతుంది. ఇది 2[(2k + 1)(k + 1) + 20] + 1కి సమానం. రెండు సందర్భాల్లోనూ కావలసిన రూపం వచ్చింది. సంఖ్య ఏదైనా సరి లేదా బేసి కాక తప్పదు కాబట్టి నిరూపణ పూర్తయింది.

రెండో మాటను కూల్చడానికి ఒక్క సంఖ్య చాలు. దాన్ని గుడ్డిగా వెతకనక్కర్లేదు, 41 ఉమ్మడి గుణకంగా బయటికొచ్చే చోటు చూడాలి. n = 40 వేస్తే 40² + 40 = 40 × 41. దానికి 41 కలిపితే 41 × 41, అంటే 1681. ఇది ప్రధాన సంఖ్య కాదు. ఇదే ప్రత్యుదాహరణ.

కొత్తగా రాసేవాళ్లు తరచూ జారిపడే చోటు ఒకటుంది. రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య అని నిరూపించమంటే రెండింటినీ 2k + 1 అనే రాసేస్తారు. జవాబు 4k + 2 వస్తుంది, చూడ్డానికి ఏ లోపమూ ఉండదు. కానీ 5, 9 తీసుకుంటే 5కి k = 2, 9కి k = 4 కావాలి. ఒకే k రెండూ కాలేదు. అంటే ఆ రాత ఒక సంఖ్యను దానితోనే కూడిన సందర్భానికే పనికొస్తుంది. 2k + 1, 2j + 1 అని వేర్వేరు అక్షరాలు వాడితే మొత్తం 2(k + j + 1) అవుతుంది, నిరూపణ నిలుస్తుంది.

ప్రత్యుదాహరణకు కూడా హద్దుంది. n = 40 కూల్చింది ‘ఎప్పుడూ’ అన్న మాటను మాత్రమే. 0 నుంచి 39 వరకు ప్రధాన సంఖ్యలే అన్న మాట చెక్కుచెదరలేదు. అక్కడున్నవి నలభై విలువలే కాబట్టి, ఒక్కొక్కటీ సరిచూస్తే అదే దానికి పూర్తి నిరూపణ.