బ్లూ టిక్ ఉంటే నమ్మేయొచ్చా? ఆ గుర్తు ఎలా వస్తుంది.. డబ్బు కట్టి తీసుకుంటే తేడా ఏంటి?

2022 నవంబర్ 10. అమెరికా మందుల కంపెనీ ఎలై లిల్లీ పేరుతో ఉన్న ట్విట్టర్ ఖాతాలో ఒక పోస్టు పడింది. ఇన్సులిన్ ఇక ఉచితం అని దాని సారాంశం. పేరు కంపెనీదే, పక్కన బ్లూ టిక్ కూడా ఉంది. కానీ ఖాతా మాత్రం ఫేక్! ఎవరో నెలకు 8 డాలర్లు కట్టి టిక్ తీసుకున్నారు, అంతే. కంపెనీ తన అసలు ఖాతా నుంచి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ట్విట్టర్ మర్నాడే ఆ స్కీమ్‌ను తాత్కాలికంగా ఆపేసింది.

జనం ఎందుకు నమ్మారంటే, అంతకుముందు ఆ టిక్ అమ్మకానికి దొరికేది కాదు. 2009లో ట్విట్టర్ దాన్ని మొదలుపెట్టిందే ప్రముఖుల పేరుతో వచ్చే నకిలీ ఖాతాలను అడ్డుకోవడానికి. ఖాతా నిజంగా వాళ్లదేనా అని కంపెనీయే చూసుకుని, ఉచితంగా ఇచ్చేది. ఆ పాత టిక్‌లను 2023 ఏప్రిల్‌లో తీసేశారు. ఇప్పుడు ఎక్స్‌లో నీలం టిక్ అంటే ప్రధానంగా డబ్బు కట్టారని, ఫోన్ నంబర్ కన్‌ఫర్మ్ చేశారని అర్థం. సంస్థలకు బంగారు రంగు, ప్రభుత్వ ఖాతాలకు బూడిద రంగు టిక్ వేరుగా ఉన్నాయి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల పద్ధతి కాస్త నయం. మెటా వెరిఫైడ్ మన దేశానికి 2023 జూన్‌లో వచ్చింది, అప్పటి ధర మొబైల్‌లో నెలకు 699 రూపాయలు. ఇక్కడ డబ్బుతో పాటు ప్రభుత్వ గుర్తింపు కార్డు కూడా ఇవ్వాలి. కార్డులోని పేరు, ఫొటో ప్రొఫైల్‌తో సరిపోవాలి. అంటే ఆ పేరు గల మనిషే ఖాతా తెరిచాడని ఒక ఆధారం దొరుకుతుంది. కానీ అతను చెప్పే షేర్ మార్కెట్ టిప్ నిజమో కాదో, షుగర్‌కి చెప్పే చిట్కా పనిచేస్తుందో లేదో ఎవరూ చెక్ చేయరు. పైగా పాత ఉచిత టిక్, కొత్త పెయిడ్ టిక్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.. అసలు తికమక అక్కడే.

ఇంకో చిక్కు ఉంది. టిక్ ఇచ్చిన రోజు ఖాతా ఎవరి చేతిలో ఉందో, ఈ రోజూ వాళ్ల చేతిలోనే ఉండాలని లేదు. 2023లో పంజాబీ గాయని మిస్ పూజ ఫేస్‌బుక్ పేజీని హ్యాకర్లు లాగేసుకున్నారు. 70 లక్షలకు పైగా ఫాలోయర్లున్న పేజీ అది. పేరును గూగుల్‌కు సంబంధించినదిగా మార్చేసి, ఫేస్‌బుక్‌లోనే యాడ్స్ కూడా నడిపారు. బ్లూ టిక్ మాత్రం అలాగే ఉండిపోయింది!

దాన్ని పట్టిచ్చింది పేజీ పాత పేరే. ఫేస్‌బుక్ పేజీలో Page transparency నొక్కితే ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు పేరు మారింది అన్నీ కనిపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ప్రొఫైల్‌పైన మూడు చుక్కలు నొక్కి About this account చూడండి. నిన్నటిదాకా పాటల పేజీ, ఇవాళ బ్యాంకు పేరు అయిందంటే ఆ లింక్ నొక్కకండి. ఎలై లిల్లీ లాంటి కేసులో ఇంకా తేలిక.. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న ఖాతా లింక్ నుంచే వెళ్లండి, యూజర్‌నేమ్ తేడా అక్కడే తెలిసిపోతుంది.