ఏడీసీ ముందు ఏ ఫిల్టర్ పెట్టాలి?

పంపు బేరింగ్‌కు అమర్చిన కంపన సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తోందనుకుందాం. అందులో పనికొచ్చేది 1,000 హెర్ట్జ్ వరకే. దాన్ని 12 బిట్ల ఏడీసీ సెకనుకు 10,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. పక్కనున్న మోటారు డ్రైవ్ నుంచి 9,400 హెర్ట్జ్ రొద కూడా అదే తీగలో కలిసిందంటే, రికార్డులో అది 600 హెర్ట్జ్ కంపనంగా కనబడుతుంది. 10,000 లోంచి 9,400 తీసేస్తే మిగిలేది అదే. ఈ దొంగ పౌనఃపున్యాన్నే ఎలియాస్ అంటారు. ఒకసారి అంకెల్లోకి చేరాక అసలు 600కూ దీనికీ తేడా ఉండదు, కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఏరి పారేయలేదు. వడపోత ఏడీసీకి ముందే, అనలాగ్ దశలోనే జరగాలి.

ఫిల్టర్ ఎక్కడికల్లా పూర్తిగా అణచాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. శాంప్లింగ్ వేగంలో సగం, అంటే 5,000 హెర్ట్జ్ అనేది పుస్తకాల్లో కనిపించే జవాబు. కానీ 6,000 హెర్ట్జ్ రొద మడతపడి చేరేది 4,000 దగ్గరికి. అది మనకు అక్కర్లేని చోటు, తర్వాత డిజిటల్ ఫిల్టర్‌తో కోసేయవచ్చు. 1,000 లోపలికి చొరబడగలిగినవి 9,000 నుంచి మొదలవుతాయి. అందుచేత అణచివేత అవసరమయ్యే హద్దు శాంప్లింగ్ వేగంలోంచి సిగ్నల్ హద్దును తీసివేస్తే వచ్చేదే. 5,000 బదులు 9,000 తీసుకోవడంతో ఫిల్టర్ తేలికవుతుంది.

ఎంత అణచాలన్నది ఏడీసీని బట్టి ఉంటుంది. 12 బిట్లంటే 4,096 మెట్లు. రొద ఏడీసీ కొలవగల పూర్తి పరిమాణంలో ఉన్నా ఒక మెట్టుకు మించకూడదంటే దాన్ని నాలుగు వేల రెట్లు తగ్గించాలి, అది 72 డెసిబెల్స్. అయితే అంత రొద అరుదు. ఆసిలోస్కోప్‌తో చూస్తే పూర్తి పరిమాణంలో పదో వంతే ఉందని తేలితే 20 డెసిబెల్స్ మినహాయించుకుని 52తో సరిపెట్టవచ్చు. ఈ ఒక్క కొలత తీసుకోకుండా ఫిల్టర్ ఎంచుకోవడం డబ్బు దండగ.

ఇక ఆర్డర్ లెక్క. బటర్‌వర్త్ ఫిల్టర్ కటాఫ్‌కు బాగా దూరంలో ఇచ్చే అణచివేత సుమారుగా ఇది:

A = 20 × n × log10(f / fc)

ఇక్కడ n ఆర్డర్, fc కటాఫ్. కటాఫ్ దగ్గరే సిగ్నల్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే దాదాపు 30 శాతం పోతుంది. అందుకే దాన్ని 1,000 దగ్గర కాక 1,300 దగ్గర పెడదాం. 9,000ను 1,300తో భాగిస్తే 6.92, ఒక్కో ఆర్డర్‌కు 16.8 డెసిబెల్స్. నాలుగో ఆర్డర్ 67 ఇస్తుంది: 52 అవసరమైతే చాలు, 72 కావాలంటే చాలదు, ఐదోది తీసుకోవాలి. మూడో ఆర్డర్ 50 దగ్గరే ఆగిపోతుంది. నాలుగో ఆర్డర్‌లో 1,000 హెర్ట్జ్ వద్ద నష్టం అర డెసిబెల్, దాదాపు 6 శాతం. ఆ నష్టం ముందే తెలిసినదే కాబట్టి లెక్కలో సరిచేసుకోవచ్చు.

తరంగం ఆకారమే ముఖ్యమైతే, ఉదాహరణకు బేరింగ్ దెబ్బతిన్నప్పుడు వచ్చే చిన్న తాకిళ్ల రూపం చూడాలంటే, బెసెల్ ఫిల్టర్ నయం. అది అన్ని పౌనఃపున్యాలనూ దాదాపు ఒకే ఆలస్యంతో పంపుతుంది. అయితే అదే కటాఫ్‌తో నాలుగో ఆర్డర్ బెసెల్ 9,000 వద్ద 53 డెసిబెల్సే ఇస్తుంది, 1,000 వద్ద 18 శాతం దాకా తినేస్తుంది. చెబిషెవ్ దీనికి తలకిందులు: కోత నిటారుగా ఉంటుంది, సిగ్నల్ పట్టీలో మాత్రం అలలు వస్తాయి. కంపనం ఎంతో కొలిచే పనికి బటర్‌వర్తే మధ్యేమార్గం.

కాగితం మీద 67 వచ్చినా బోర్డు మీద అంత రాకపోవచ్చు. ఆప్-ఆంప్‌లతో కట్టే శాలెన్-కీ సర్క్యూట్లలో మెగాహెర్ట్జ్ పరిధిలో ఆప్-ఆంప్ చేతులెత్తేస్తుంది, రొద కెపాసిటర్ గుండా నేరుగా దాటిపోతుంది. చివర ఒక రెసిస్టర్, కెపాసిటర్ జత పెడితే ఆ దారి మూసుకుంటుంది. ఏడీసీ ప్రతి కొలతకూ లోపలికి లాక్కునే ఆవేశాన్ని కూడా ఆ కెపాసిటరే అందిస్తుంది. కెపాసిటర్లు C0G రకానివైతే మేలు. X7R రకానివి వోల్టేజీతో, వేడితో విలువ మారిపోయి కటాఫ్‌ను కదిలిస్తాయి.

ఇదంతా వద్దనుకుంటే శాంప్లింగ్ వేగం పెంచడమే మార్గం. ఒకే రెసిస్టర్, ఒకే కెపాసిటర్‌తో 72 డెసిబెల్స్ సాధించాలంటే సెకనుకు 52 లక్షల కొలతలు కావాలి. సిగ్మా-డెల్టా రకం ఏడీసీలు లోపల ఇలాంటి వేగాలతోనే నడిచి, మిగతా వడపోత డిజిటల్‌గా చేసుకుంటాయి. అందుకే వాటి ముందు అంత చిన్న ఫిల్టర్ సరిపోతుంది.

కట్టిన తర్వాత అనుమానముంటే శాంప్లింగ్ వేగాన్ని 10,000 నుంచి 10,200కు మార్చి చూడాలి. అసలు 600 హెర్ట్జ్ కంపనమైతే ఉన్నచోటే ఉంటుంది. 9,400 నుంచి వచ్చిన దొంగదైతే 800కు జరుగుతుంది.