ఏడాది మధ్యలో చేరితే సెలవులెన్ని?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి ముప్పై ఈఎల్‌లు, ఇరవై హాఫ్ పే లీవులు, ఎనిమిది సీఎల్‌లు ఉంటాయని ఉద్యోగంలో చేరకముందే చాలామందికి తెలుసు. చిక్కు ఎక్కడంటే, ఈ అంకెలు జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా కుర్చీలో ఉన్నవారివి. పరీక్ష ఫలితాలు, సర్టిఫికెట్ల పరిశీలన, పోస్టింగ్ ఆర్డరు అన్నీ ముగిసి సెప్టెంబరు నడిమిలో చేరినవారి ఖాతాలో ఎన్ని పడతాయి? పక్క సీటు మిత్రుణ్ని అడిగితే ‘పది’ అంటాడు, ఇంకొకరు ‘నెల పూర్తయితేగానీ ఏమీ రావు’ అంటారు. రెండూ తప్పే.

హైదరాబాద్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెప్టెంబరు 16న క్లర్కుగా చేరిన అమ్మాయి లెక్క వేద్దాం. పాఠకుల కోసం వేసుకున్న ఉదాహరణ ఇది. నిబంధనలు మాత్రం 1972 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ లీవ్ రూల్స్‌లోవి. ఆమెది వారానికి అయిదు రోజుల ఆఫీసు. నవంబరులో పార్వతీపురంలో అక్క పెళ్లి. దీపావళి మర్నాడు ఒక రోజు ఈఎల్ ఇప్పటికే వాడుకుంది.

ముందు ఈఎల్. ఇది ఏడాదికోసారి కాదు, ఆరు నెలలకోసారి జమ అవుతుంది. జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను. ఆ ఆరు నెలల మధ్యలో చేరినవారికి పూర్తయిన ఒక్కో క్యాలెండర్ నెలకు రెండున్నర రోజుల చొప్పున ఇస్తారు. ‘క్యాలెండర్ నెల’ అన్న మాట దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 15 వరకు పనిచేస్తే ముప్పై రోజులైన మాట నిజమే. కానీ అది క్యాలెండర్ నెల కాదు. ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా సర్వీసులో ఉన్న నెలే లెక్కకు వస్తుంది. కాబట్టి ఈమెకు సెప్టెంబరు పోయింది. మిగిలినవి అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మూడు నెలలకు రెండున్నర చొప్పున ఏడున్నర రోజులు. జమ వేసేటప్పుడు భిన్నాన్ని దగ్గరి పూర్తి రోజుకు సవరించాలని నియమం ఉంది. అరరోజును పైకే తీసుకుంటారు కాబట్టి ఎనిమిది.

చేరిన తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఎంత తేడా వస్తుందో చూడండి. అక్టోబరు 1న చేరినవారికీ ఇదే ఎనిమిది వస్తుంది. గాంధీ జయంతి సెలవు వెళ్లాక చేరదామని అక్టోబరు 3న వచ్చినవారికి అక్టోబరు మొత్తం పోయి, రెండు నెలలకు అయిదే మిగులుతాయి. ఎంచుకునే వీలుంటే ఒకటో తారీఖున చేరడంలో ఉన్న లాభం ఇదే.

ఇక రెండో సందేహం. నవంబరు మొదటి వారానికి పూర్తయింది అక్టోబరు ఒక్కటే. మరి ఆమె దగ్గర ఇప్పుడు ఉన్నది రెండున్నరా, ఎనిమిదా? ఎనిమిదే. ఆ ఆరు నెలల్లో ఉద్యోగి చేయబోయే సర్వీసును ముందే లెక్కగట్టి జమ వేయడం ఈ నిబంధనల పద్ధతి. అంటే డిసెంబరు జీతం అందుకోకముందే డిసెంబరు వాటా ఖాతాలో ఉంటుంది. ఈ ముందస్తు జమకు ఒక షరతు లేకపోలేదు. మధ్యలో రాజీనామా చేస్తే సెలవును అప్పటివరకు పూర్తయిన నెలలకే కుదిస్తారు. అంతకన్నా ఎక్కువ వాడుకుని ఉంటే ఆ మేరకు సెలవు జీతాన్ని సర్దుబాటు చేస్తారు.

హాఫ్ పే లీవు కూడా ఇదే దారిలో నడుస్తుంది. అయితే దీని రేటు ఆరు నెలలకు పది రోజులు, అంటే నెలకు ఒకటీ రెండు మూడోవంతులు. మూడు నెలలకు సరిగ్గా అయిదు. సీఎల్ సంగతి వేరు. ఏడాది మధ్యలో చేరినవారికి దామాషా ప్రకారం ఇవ్వవచ్చు, ఎనిమిదీ ఇవ్వవచ్చు, అది అధికారి విచక్షణ. మూడున్నర నెలలకు దామాషా వేస్తే రెండుకు కాస్త పైన తేలుతుంది. అందుకని సీఎల్ ఎన్ని అన్నది మనం లెక్కగట్టి రాసే విషయం కాదు, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోవలసిన విషయం. సీఎల్‌ను ఈఎల్‌తో కలిపి పెట్టడమూ కుదరదు. రెండు సీఎల్‌లు, ఆ వెంటనే నాలుగు ఈఎల్‌లు అని రాస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

జమ తేలింది. ఎనిమిదిలో దీపావళికి వాడుకున్న ఒకటి పోతే ఏడు. ఇప్పుడు ఖర్చు లెక్క. పెళ్లి పనుల కోసం ఆమె నవంబరు 7 శుక్రవారం సాయంత్రం ఆఫీసు ముగించుకుని రైలెక్కి, 17 సోమవారం ఉదయం తిరిగి డ్యూటీలో ఉండాలనుకుంది. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. ‘నవంబరు 8 నుంచి 16 వరకు సెలవు’ అని రాస్తే తొమ్మిది ఈఎల్‌లు అడిగినట్టే. ఉన్నవి ఏడు. మిగతా రెండింటికి హాఫ్ పే లీవు తీసుకుని సగం జీతం వదులుకోవాలి.

నిజానికి ఆమెకు కావలసింది అయిదు రోజులే. సెలవుకు ముందున్న శని, ఆదివారాలను, తర్వాత ఉన్న శని, ఆదివారాలను ప్రిఫిక్స్, సఫిక్స్‌గా చేర్చుకోవచ్చు. అవి ఖాతాలోంచి పోవు. కాబట్టి సెలవు నవంబరు 10 సోమవారం మొదలై 14 శుక్రవారం ముగుస్తుంది. ఊళ్లో ఉండేది అవే తొమ్మిది రోజులు, ఖర్చు మాత్రం అయిదు. అయితే సెలవు నడుమ వచ్చే ఆదివారాలకు ఈ వెసులుబాటు లేదు. ఆమె 10వ తేదీ నుంచి 18వ తేదీ మంగళవారం దాకా సెలవు పెడితే 15, 16 తేదీలు కూడా ఈఎల్‌లోంచే పోతాయి. సీఎల్ మాత్రం ఇందుకు భిన్నం. దానిలో మధ్యన వచ్చే సెలవు రోజులను లెక్కించరు.

ఇక అడగడం. కేంద్ర ప్రభుత్వంలో సెలవు దరఖాస్తుకు ఫారం 1 ఉంది. చాలాచోట్ల ఇప్పుడు అది ఆన్‌లైన్‌లోనే నింపాలి. సెలవు రకం, తేదీలు, కలుపుకోదలచిన ఆదివారాలు, సెలవు దినాలు, కారణం, సెలవులో ఉన్నప్పటి చిరునామా అందులో అడుగుతారు. ఖాతాలో ఎంత ఉందో ధ్రువీకరించేది ఆఫీసే, అందుకు ఫారంలో వేరే భాగముంది. అయినా కొత్తగా చేరినవారు తమ లెక్కను ఒక చిన్న మనవిలో రాసి జతచేయడం మంచిది. ఎందుకంటే వారి సెలవు ఖాతా అప్పటికి తెరిచి ఉండకపోవచ్చు, జమ పడి ఉండకపోవచ్చు. లెక్క కళ్లముందుంటే గుమాస్తా దాన్ని సరిచూసి సంతకం పెడతారు. లేకపోతే సర్వీసు పుస్తకం తీసి మొదటి నుంచి వేయాలి, ఆ ఫైలు బల్లమీదే ఉండిపోతుంది.

మనవి ఇలా ఉండవచ్చు. భాష మీ ఆఫీసు అలవాటును బట్టి మార్చుకోండి, విషయం ఇదే.

విషయం: నవంబరు 10 నుంచి 14 వరకు అయిదు రోజుల ఈఎల్ మంజూరు కోరుతూ.

అయ్యా,

మా అక్క వివాహం నిమిత్తం నవంబరు 10 (సోమవారం) నుంచి 14 (శుక్రవారం) వరకు అయిదు రోజుల ఈఎల్ మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. 8, 9 తేదీలను ముందు, 15, 16 తేదీలను వెనక కలుపుకోవడానికి, నవంబరు 7 సాయంత్రం ఆఫీసు వేళల తర్వాత హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి అనుమతించగలరు. 17వ తేదీ ఉదయం విధుల్లో చేరతాను.

నేను సెప్టెంబరు 16న విధుల్లో చేరాను. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడు పూర్తి నెలలకు, నెలకు రెండున్నర చొప్పున, సవరణ తర్వాత ఎనిమిది ఈఎల్‌లు జమ కావలసి ఉంది. అక్టోబరులో ఒకటి వాడుకున్నాను. ప్రస్తుత నిల్వ ఏడు, ఈ సెలవు పోగా మిగిలేది రెండు. ఈ లెక్కలో తేడా ఉంటే తెలియజేయగలరు.

సెలవులో నా చిరునామా, ఫోన్ నంబరు ఫారంలో ఇచ్చాను. నా సీటు పనిని ఎవరు చూసేదీ సెక్షన్ ఆఫీసరుగారితో మాట్లాడాను.

ఇందులో ‘నాకు ఎనిమిది సెలవులు ఉన్నాయి కనుక ఇవ్వాలి’ అన్న ధోరణి ఎక్కడా లేదు. కావాలనే అలా రాసింది. ఖాతాలో ఉన్నంత మాత్రాన సెలవు హక్కుగా అడిగేది కాదని నిబంధనల్లోనే ఉంది. పని అవసరాన్ని బట్టి అధికారి నిరాకరించవచ్చు. అయితే అదే నిబంధన ఉద్యోగికి ఒక రక్షణ కూడా ఇచ్చింది. అడిగిన సెలవు రకాన్ని, అది ఖాతాలో ఉన్నప్పుడు, ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే తప్ప అధికారి తనంతట తాను మార్చకూడదు. ఈఎల్ అడిగితే హాఫ్ పే లీవుగా మార్చి ఇవ్వడం కుదరదు. అందుకే సెలవు రకం పేరు స్పష్టంగా రాయాలి. ‘అయిదు రోజుల సెలవు’ అని వదిలేయకూడదు.

ప్రైవేటు కంపెనీలో ఈ లెక్క యథాతథంగా పనికిరాదు. ఏడాదికి పద్దెనిమిది సెలవులిచ్చే కంపెనీలో ఆగస్టు 11న ఒకరు చేరారనుకోండి. పూర్తి నెలలే చూస్తే నాలుగు నెలలకు ఆరు. పదిహేనో తారీఖులోపు చేరితే ఆ నెలనూ కలిపే పద్ధతైతే ఏడున్నర. రోజుల మీద లెక్కిస్తే డిసెంబరు చివరికి 143 రోజులు కాబట్టి ఏడు. మూడూ వాడుకలో ఉన్న పద్ధతులే. అక్కడ లీవ్ పాలసీలో మూడు విషయాలు వెతకాలి. చేరిన నెలను లెక్కిస్తారా, సెలవు ముందే జమ అవుతుందా నెలనెలా పడుతుందా, భిన్నాన్ని ఏం చేస్తారు. నెలనెలా పడే చోట సెప్టెంబరు చివర్లో డిసెంబరు దాకా వచ్చేవన్నీ ఉన్నట్టు రాస్తే నిల్వ తప్పవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు కూడా తమ సొంత నిబంధనలనే చూసుకోవాలి.

మన ఉదాహరణలోని అమ్మాయి సెలవు మంజూరైంది, పెళ్లీ అయింది. అక్కడితో లెక్క ముగియలేదు. జనవరి మొదటి వారంలో ఆమె తన సెలవు ఖాతా ఒకసారి చూసుకోవాలి. మిగిలిన రెండుకు కొత్తగా పదిహేను కలిసి పదిహేడు కనిపించాలి. పదహారు ఉంటే ఏడున్నరను ఏడుగా కుదించి అరరోజు కొట్టేశారన్నమాట. పందొమ్మిది ఉంటే సెప్టెంబరును కూడా పూర్తి నెలగా కలిపేశారు. తక్కువైతే ఎలాగూ అడుగుతాం. ఎక్కువున్నా అప్పుడే చెప్పి సరిచేయించుకోవాలి. ఏళ్ల తర్వాత సర్వీసు పుస్తకం తనిఖీలో ఆ రెండు రోజులూ బయటపడితే, అప్పటికి వాటిని వాడేసి ఉంటే, కోత పడేది ఆమె ఖాతాకే.