స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టారా? ‘నేను రాయలేదు కదా’ అంటే కుదరదు!

వాట్సాప్‌లో ఎవరో పర్సనల్‌గా పంపిన మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పడేయడం చాలామందికి అలవాటే. అది నేరమా? మన దేశంలో స్క్రీన్‌షాట్ తీయడమే నేరమని చెప్పే సెక్షన్ ప్రత్యేకంగా ఏదీ లేదు. అందులో ఏముంది, దాన్ని ఎవరికి పంపారు అన్నదాన్ని బట్టే కేసు ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

ఓ ఉద్యోగిని తన కొలీగ్‌కి ఇలా మెసేజ్ పెట్టిందనుకుందాం: ‘మేనేజర్ బిల్లుల్లో డబ్బులు తింటున్నాడేమో. కానీ నా దగ్గర ఆధారం లేదు.’ ఆ కొలీగ్ రెండో లైన్ క్రాప్ చేసి, 60 మంది ఉన్న ఆఫీస్ గ్రూప్‌లో పెట్టేశాడు.

ఇప్పుడు మేనేజర్ పరువు నష్టం కేసు వేస్తే అది రాసిన ఆమెతోనే ఆగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం ఆరోపణ చేసినవారే కాదు, దాన్ని ప్రచారం చేసినవారూ బాధ్యులే. రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ‘నిజమే కదా’ అన్నా సరిపోదు, దాన్ని బయటపెట్టడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. ఇక్కడ రెండో లైన్ కత్తిరించడం ఆ కొలీగ్ ఉద్దేశాన్నే అనుమానించేలా చేస్తుంది. క్రాప్‌తో ఆగకుండా మాటలే మార్చి ఎడిట్ చేస్తే ఫోర్జరీ కేసు కూడా పడొచ్చు.

మరి నమ్మి మెసేజ్ పెట్టిన ఆమె సంగతేంటి? 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయినా మామూలు చాట్ లీకైతే నేరుగా పెట్టే క్రిమినల్ సెక్షన్ దొరకడం కష్టం. సివిల్ దావా వేయడం, ఆఫీస్‌లో ఫిర్యాదు చేయడం లాంటి దారులే మిగులుతాయి. నగ్న చిత్రాలైతే లెక్క వేరు. తీసుకోవడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది.

డబ్బు కట్టిన కంటెంట్ అయితే?

కోచింగ్ నోట్స్‌కి డబ్బు కట్టారంటే చదువుకునే హక్కు కొన్నట్టు, పంచే హక్కు కాదు. పేజీలన్నీ స్క్రీన్‌షాట్ తీసి టెలిగ్రామ్‌లో పెడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది. తప్పుందని విమర్శించడానికి నాలుగు లైన్లు చూపించడం మాత్రం వేరే సంగతి, దానికి చట్టంలో మినహాయింపు ఉంది.

బెదిరింపు మెసేజ్ వస్తే?

స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వడంలో తప్పు లేదు. 1930కి ఫోన్ చేయొచ్చు, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయొచ్చు. అసలు చాట్ మాత్రం డిలీట్ చేయొద్దు. కోర్టులో స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటే చాలదు, సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. ఎదుటివారు ‘ఇది ఎడిట్ చేశారు’ అంటే ఫోన్‌లో ఉన్న అసలు చాటే మీకు ఆధారం.